నాలుగు పేజీల చేపల పులుసు

మనుబోలు హైవే మెస్సులో చేపల పులుసు వండే నాగులమ్మ, కంటి ఆపరేషన్‌కు వెళ్తూ వంట వివరమంతా అక్కడే పనిచేసే బిందుకు చెప్పి రాయించింది. నాలుగు పేజీలైంది. మధ్యాహ్నం రద్దీలో వంటవాళ్లెవరూ అది చదవలేదు.

బిందు దాన్ని కుదించి గోడకు అంటించింది. పైన ఐదు కిలోల చేపకు సరుకులు, కింద అంకెలు:

1. ఉల్లి, టమోటా మగ్గించాలి.
2. కారం, ఉప్పు, చింతపండు రసం వేసి మరిగించాలి.
3. చేపముక్కలు వేయాలి.
4. మామిడిముక్కలు వేసి, నూనె తేలాక దించాలి.

ఆ రోజు వంటవాళ్లు గరిటెతో కలిపేసరికి ముక్కలు చితికిపోయాయి. గరిటె పెట్టినందుకు తన అత్త తిట్టిన తిట్లను కూడా నాగులమ్మ ఆ పేజీల్లో చెప్పింది; బిందు వాటిని కథ అనుకుని తీసేసింది. మూడో అంకె పక్కన, "గరిటె వద్దు, గిన్నె పట్టి తిప్పాలి" అని చేర్చింది.

వారం తర్వాత నాగులమ్మ నల్లకళ్లద్దాలతో వచ్చి, గోడమీది కాగితం చదివించుకుంది.

"ఉప్పు ఎంతని రాసినావు?"

"తగినంత అని రాసినా అక్కా."

"ఎవురికి తగినంత?"

బిందు పెన్ను తీసింది.