చెల్లని ఒప్పుకోలు

నల్లకోటు ఏసుకున్న ఆడమనిషి కనబడితే సర్కారు వకీలే అనుకున్నది ఆ అవ్వ. నిజామాబాద్ కోర్టు వరండాల నా చెయ్యి పట్టుకొని, "బిడ్డా, నా కొడుకు కేసు నువ్వే గద చూస్తున్నవ్?" అని అడిగింది. నేను చూస్తున్నది ఆమె కొడుకును చంపిండని పట్టుకొచ్చినోని దిక్కు. తొంభైల మొదట్ల ముచ్చట. నేను కోటేసుకొని అప్పటికి ఏడాది కూడ కాలే.

"అవ్వా, నేను అవతలి దిక్కు" అన్న. చెయ్యి ఇడిచిపెట్టి నాలుగు తిట్లు తిడ్తదనుకున్న. తిట్టలే. "ఎవరి దిక్కైతేంది, చదువుకున్నదానివి, నాకు చెప్పు" అన్నది. ఆ చెయ్యి అట్లనే ఉన్నది.

కేసు చిన్నదే. బోధన్ అవతల ఒక ఊరు. అవ్వ కొడుకు చెరుకు కొట్టే కూలీలకు మేస్త్రి. ఆదివారం చర్చికి పోతడు, తక్కిన ఆరు రోజులు చెరుకులనే ఉంటడు. మా ముద్దాయి అదే ఊర్లె చెరుకు రైతు. తన తోట ముందుగాల కొట్టాలని లొల్లి పెట్టిండు. చక్కెర ఫ్యాక్టరీ కోత పర్మిట్ ఎవరికి ముందొస్తే వాళ్లదే కొడ్తనని మేస్త్రి అన్నడు. తెల్లారి మేస్త్రి శవం చెరుకు తోటల దొరికింది. మెడ మీద కొయిత దెబ్బ. చెరుకు కొట్టే ఆ కత్తి మా దిక్కు ఇంటింటికుంటది, మరాఠీ కూలీలతోని పేరు కూడ వచ్చింది. కొట్టంగ చూసినోళ్లు ఎవ్వరు లేరు. మూడో రోజు మా ముద్దాయిని పట్టుకున్నరు. ఒప్పుకున్నడని, కొయిత దాచిన తావు చూపించిండని ఎస్సై ఊరంత చెప్పిండు.

నేను ఫైలు చదివి మా సీనియర్ సార్‌ను అడిగిన, "సార్, ఒప్పుకున్నడు గద, ఇంక మనం చేసేదేముంది?"

సార్ జర్దా పాన్ ఒక దవుడకు నెట్టి నవ్విండు. "ఎవరి ముందట ఒప్పుకున్నడు?"

"ఎస్సై ముందట."

"అయితే అది లేనట్టే. రెండు ప్రశ్నలు గుర్తు పెట్టుకో. మొదటిది, ఇది కేసుకు సంబంధించిందేనా? రెండోది, సంబంధముంటే చట్టం దీన్ని లోపలికి రానిస్తదా? ఒప్పుకోలుకు సంబంధం లేదని ఎవడంటడు? బండెడు సంబంధం. కని పోలీసోళ్ల ముందట ఒప్పుకున్నదాన్ని లోపలికి రానియ్యరు. లాఠీ పడితే నువ్వు నేను కూడ ఒప్పుకుంటం."

"మరి కొయిత?"

"ఆ ఒక్క ముక్కకే సందు. 'ఫలాన తావుల దాచిన' అని వాడు చెప్పి, ఆ మాట వల్లనే పోలీసులకు అది దొరికితే, ఆ మాట మట్టుకు తీసుకుంటరు. ముందే తెలిసిన దాన్ని మళ్ల దొరికిందంటె చెల్లదు."

మెజిస్ట్రేటు ముందట ఒప్పుకుంటె చెల్తది గద, అక్కడ ఎందుకు చెప్పియ్యలేదని కూడ అడిగిన. "అక్కడికి తీసుకపోతే వాడు భయపడక, కొట్టి ఒప్పిచ్చిండ్రని చెప్తడు, లేదంటె ఏం చెప్పనంటడు. ఎస్సైకి అంత ఓపికేడిది?" అన్నడు సార్.

ఆ తర్వాత వారమే, బెయిల్ మీదున్న ముద్దాయి మా ఛాంబర్ల కూసొని, చాయ్ తాగుకుంట, ఏం అడగకుండనే చెప్పిండు. "కోపం ఆగలే మేడమ్. వాని కొయితనే గుంజుకొని ఏసిన." చాయ్ గ్లాసు కింద పెట్టి బిస్కెట్ అడిగిండు. థూ! ఆ గ్లాసుల నేను మళ్ల చాయ్ తాగలే. సార్ మొఖంల మట్టుకు ఏం మారలే. వకీలుకు ముద్దాయి చెప్పింది వకీలు కడుపులనే ఉండాలె, కోర్టుల చెప్పనీకి చట్టం ఒప్పుకోదని చెప్పి ఫైలు నా ముందట పెట్టిండు.

అన్నీ తెలిసి కూడ ఆ రాత్రి ఫైలు మొత్తం నేనే మళ్ల చదివిన. నా తెలివి సూపెట్టుకోవాలె గద! శవం దొరికిన రోజు రాసిన పంచనామల ఐదో పేజీ, హెడ్ కానిస్టేబుల్ చేతిరాత: శవానికి ఇరవై అడుగుల దూరాన, చెరుకు సాళ్ల నడుమ బోదెల నెత్తుటి కొయిత ఉన్నది. ముద్దాయి దాన్ని చూపించిండని రాసింది రెండు రోజులైనంక. మొదటి కాయితంల ఉన్న దాన్నే అక్కడనే వదిలిపెట్టి, తర్వాత కథ అల్లిండ్రు. తెల్లారి సార్‌కు చూపించిన. "శభాష్!" అని వీపు చరిచిండు. సంబరపడ్డ. ఇయ్యాల తలుచుకుంటె నా మీద నాకే అసహ్యమైతది.

ఎస్సై బోనులకెక్కిన రోజు సర్కారు వకీలు ఒప్పుకోలంత చదవబోయిండు. సార్ లేచిండు. జడ్జి, కొయిత మాట మట్టుకే రికార్డుల మార్కు చేసి, మీ అభ్యంతరం తీర్పుల చూస్తనన్నడు. తర్వాత సార్ ఐదో పేజీ చదివిచ్చి, "కొయిత అప్పటికే మీరు చూసిండ్రు గద?" అన్నడు. ఎస్సై రుమాలుతోని మెడ తుడుచుకొని, "చూసినం" అన్నడు.

మధ్యాహ్నం అవ్వ మళ్ల నా దగ్గరికొచ్చింది. పొద్దున ఆమె కూడ సాక్ష్యం చెప్పింది.

"వాడు పెళ్లాన్ని కొడ్తడు, తాగుతడు అని చెప్తె జడ్జిసాబ్ ఆపమన్నడు. ఎందుకు?"

"అది ఈ కేసుకు సంబంధం లేదవ్వా. చెడ్డోడైనంత మాత్రాన ఈ పని వాడే చేసిండని అనరాదు."

"మరి ఒప్పుకున్నదానికి సంబంధం లేదా?"

"ఉన్నది. పోలీసుల ముందట కాబట్టి చెల్లదు."

అవ్వ కొంగుతోని మూతి తుడుచుకున్నది. "దానికి సంబంధం లేదంటివి. దీనికి సంబంధముండి చెల్లదంటివి. నా కొడుకు పోయిండు గద బిడ్డా, మరి ఏది చెల్తది?"

జవాబు నాకు నోటికొచ్చు. లాఠీ భయానికి ప్రతి ఠాణల రోజుకొకడు ఒప్పుకుంటడని, ఆ అడ్డు లేకుంటె ఆమె కొడుకులాంటోళ్లే ముందుగాల లోపలికి పోతరని. నిజమే, ఇప్పటికీ అదే నమ్ముత. అది ఆమెకు చెప్పకుండ, కోర్టుల పిలుస్తున్నరని లోపలికి పోయిన.

తీర్పుల కొయిత చూపించిన మాట కొట్టేసిండ్రు. కొయిత మేస్త్రిదేనని కూలీలే చెప్పిండ్రు కావట్టె, అది ముద్దాయిని పట్టించేదేం లేదు. ముందు రోజు లొల్లి జరిగినట్టు చెప్పినోళ్లున్నరు, ఒక్క లొల్లి చాలదన్నడు జడ్జి. వదిలేసిండు. ముద్దాయి మెట్ల మీద సార్ కాళ్లు మొక్కి, నాకు చేతులెత్తి దండం పెట్టిండు. సార్ మిఠాయి తెప్పియ్యమన్నడు. కోర్టు గుమాస్తాలు జిలేబి తినుకుంట నవ్వుకుంటున్నరు. ఏం మనుషులం!

నేను వరండ చివరికి పోయిన. అవ్వ గోడకానుకొని నిలబడ్డది. ఈసారి చెయ్యి పట్టుకోలే.

"ఒక్కటే అడుగుత, నిజం చెప్పు. వాడు మీకేమన్న చెప్పిండా?"

చెప్పలేదంటె అబద్ధం. చెప్పిండంటె నా కోటు పోతది. "అది నేను చెప్పరాదవ్వా" అన్న.

"తెల్వదని అనకపోతివి" అన్నది మెల్లగ. "అంటె నీకెరికే. ఎరికున్న మాట జడ్జి ముందట చెప్పరాదు. మరి నువ్వు కూడ చెల్లనిదానివేనా బిడ్డా?"