జాకెట్లు కుట్టబడవు

ఇద్దరు కస్టమర్ల ఆది జాకెట్లు తారుమారు చేసింది రామతులసి. కొలతకిచ్చిన పాత జాకెట్టుకు పేరు చీటీ కట్టడం టైలరింగ్ షాపు ఓనరుగా ఆమె పని. పెళ్లికూతురి జాకెట్టు బిగుతైపోయి, వాళ్లు గూగుల్‌లో ఒక్క స్టార్ ఇచ్చి దులిపేశారు. దాని కింద రామతులసి జవాబు రాసింది: "కుట్టిన సూర్యకళను తీసేశాం." తొమ్మిదేళ్ల చాకిరీకి అదీ బహుమానం. ఆ పేరు చూసి రామచంద్రపురంలో ఇంకే షాపూ సూర్యకళను పనిలోకి రానివ్వలేదు.

సూర్యకళకు కసి పట్టుకుంది. రోజూ ఫోన్ తెరిచి ఆ షాపు మీద పడ్డ ఒక్క స్టార్లన్నీ పాయసం తాగినట్టు చదివేది. అన్నీ ఆలస్యం గురించే. తాను త్వరగా కుట్టి ఇస్తే ఆవిడ కొట్టు మూతే అనుకుంది. కానీ త్వరగా కుట్టాలంటే పదిమంది పనివాళ్లు కావాలి, ఉన్నది తానొక్కతే.

కసి కళ్లకు గంతలు కట్టిందని తర్వాత తెలిసింది. ఈసారి ఊళ్లోని నాలుగు షాపులవీ, రెండు మూడు స్టార్ల రివ్యూలూ కూడా నోటుబుక్కులో గీతలు పెడుతూ చదివింది. ఒకే రోజు గుంపుగా పడ్డవి, వివరం లేనివి నకిలీవని వదిలేసింది. నాలుగు చోట్లా ఒకటే ఏడుపు: కుట్టు బాగుంది, చెయ్యి బిగుతు, సరిచేయమంటే వారం తర్వాత రమ్మన్నారు. ఎదురింటి చిట్టెమ్మనూ, మరో ఆరుగురినీ అడిగింది. అందరి బీరువాల్లోనూ వేసుకోలేని జాకెట్లున్నాయి.

వరండాలో మిషను వేసి బోర్డు పెట్టింది: "జాకెట్లు కుట్టబడవు. అదే రోజు సరిచేయబడును." జనం నవ్వారు. శ్రావణం వచ్చేసరికి వరండా చాల్లేదు. రామతులసి కస్టమర్లు అక్కడ కుట్టించిన జాకెట్టు ఇక్కడ సంచిలోంచి తీసి చూపిస్తుంటే సూర్యకళకు ఒళ్లు చల్లబడేది, పూర్తిగా కాదు.

ఒక ఉదయం రామతులసే వచ్చింది. సాయంత్రం కూతురి పెళ్లి, పిల్ల జాకెట్టు చంకల దగ్గర పట్టేసింది, షాపులో కుట్టే మాస్టరు మానేసి వారమైంది.

సూర్యకళ కూర్చోమంది. లోపల వదిలిన గుడ్డ అరవేలి వెడల్పే ఉంది, చాలదు. కుట్లు విప్పి, చంకల్లో చిన్న పీసులు అతికి, ఇస్త్రీ చేసి మడత పెట్టింది. దాని మీద చెయ్యి వేసి తీయలేదు.

"ఫోన్ తియ్యండి. నా పేరు రాసిన జవాబు ఉంది కదండీ, అది మార్చండి."

"తీసేస్తానే."

"తీసేయొద్దండి. ఆది జాకెట్టు మార్చింది మీరేనని రాయండి. నా పేరు ఉంచండి."

బయట కారు హారన్ కొట్టింది. రామతులసి కళ్లజోడు సవరించుకుని, ఒక్కో అక్షరం నొక్కింది. సూర్యకళ తన ఫోన్‌లో పేజీ తెరిచి, ఆ వాక్యం కనబడేదాకా చూసి, జాకెట్టు మీంచి చెయ్యి తీసింది.