ఏడో పేజీ అడుగున

లాండ్రీ అక్క అంటే మా సాయంత్రం కాలేజీలో తెలియనివాళ్లు లేరు. పెద్దాసుపత్రి నేలమాళిగలో దుప్పట్లూ గౌన్లూ ఉతికే విభాగానికి ఆవిడ సూపర్వైజరు. పద్దెనిమిదేళ్ల సర్వీసు. నలభై ఆరో ఏట మేనేజ్‌మెంట్ డిప్లొమాలో చేరి మా అందరి నెత్తినా కూర్చుంది. నేను బస్ డిపోలో టైమ్‌కీపర్ని. మా ఇద్దరిదీ ఒకే గ్రూపు. అంటే పని ఆవిడది, మార్కులు ఇద్దరివీ.

ఆ వారం చదివి పరిష్కారం చెప్పమని మాకిచ్చిన కేసు ఒక ఆసుపత్రి లాండ్రీ గురించే. పేర్లన్నీ మార్చేశారు. లైబ్రరీలో ఉన్నది ఒక్క కాపీ, బయటికివ్వరు. అక్క పన్నెండు పేజీలూ ఫోన్లో ఫొటోలు తీసుకుంది. వాటిని యాప్‌తో అక్షరాలుగా మార్చి, నాలుగు భాగాలు చేసింది: సమస్య, దారులు, ఆధారాలు, సిఫారసు. ఏ ఆధారం రాసినా పక్కన పేజీ నంబరు ఉండాల్సిందే. నేను సొంత తెలివి చూపించబోతే కసిరేది.

"పేజీ నంబరు చెప్పు తమ్ముడూ, లేకపోతే నోరు మూసుకో. నీకు తెలిసింది వేరు, కేసులో ఉన్నది వేరు."

దారులు మూడు తేలాయి. లాండ్రీని బయటి కంపెనీకి ఇచ్చేయడం, కొత్త యంత్రాలు కొనడం, ఉన్నదాన్నే బాగుచేసుకోవడం. ఏడో పేజీ పట్టిక ప్రకారం ఉతికిన బట్టల్లో నూటికి పద్దెనిమిది మళ్లీ ఉతకాల్సి వస్తోంది. అక్క ముఖం చిట్లించింది.

"పద్దెనిమిదా! ఆ సూపర్వైజర్ని ముందు ఇంటికి పంపాలి."

సమస్య కింద 'పర్యవేక్షణ లోపం' అని రాసింది. సిఫారసు కింద బయటి కంపెనీకి ఇచ్చేయమంది. ఆ లాండ్రీలో ఇరవై రెండుమంది ఉన్నారని మూడో పేజీలోనే ఉంది. మేమిద్దరం దాన్ని ఖర్చు కిందే చూశాం. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

శనివారం ఆరింటికి క్లాసు. కేసులోని ఆసుపత్రి బోర్డు ఇంకా నిర్ణయం తీసుకోలేదని, అక్కడి అడ్మినిస్ట్రేటరే వచ్చి మా సిఫారసులు వింటారని మాస్టారు ముందే చెప్పారు. నాలుగింటికి లైబ్రరీలో కూర్చుని అక్క అంకెలన్నీ ఫొటోలతో సరిచూస్తోంది. యాప్ అక్షరాలు బాగానే చదువుతుంది కానీ పట్టికల దగ్గర తడబడుతుందని ఆవిడకి అనుమానం.

"ఇదిగో, ఈ పద్దెనిమిది పక్కన నక్షత్రం గుర్తుంది. యాప్ ఎగరగొట్టేసింది."

నక్షత్రం గుర్తు ఉందంటే అడుగున వివరణ ఉండాలి. ఫొటోలో అడుగుకి వెళ్తే అక్కడ ఉన్నది అక్క బొటనవేలు. పేజీ కదలకుండా నొక్కిపట్టుకున్న వేలు. నేను పకపకా నవ్వాను. అక్క లేచి అసలు కాపీ తెచ్చి ఏడో పేజీ తెరిచింది. చీమ తలకాయలంత అక్షరాలు:

'సూపర్వైజరు రిమార్కు: నీళ్ల ఉప్పదనం తీసే సాఫ్ట్‌నర్ చెడిపోయి ఈ మూడు నెలలూ ఉప్పునీళ్లతోనే ఉతికాం. అంతకుముందు నూటికి అయిదు దాటలేదు. తప్పు చేతులది కాదు, నీళ్లది.'

నా నవ్వు ఆగిపోయింది. అక్క ఆ అక్షరాల మీద వేలు పెట్టింది.

"ఇది నేను రాసిందే," అంది. "పోయినేడు ఆఫీసువాళ్లు రిజిస్టరు పట్టుకెళ్లారు. ఎందుకని కూడా అడగలేదు నేను. నూటికి పద్దెనిమిదని లెక్కగట్టింది వాళ్లే, నాకు చెప్పలేదు."

ఇరవై రెండుమందినీ, తనతో కలిపి, తన చేత్తోనే ఇంటికి పంపేసింది మా అక్క!

ఆవిడ ఏడవలేదు. మళ్లీ పెన్ను తీసింది.

"ఇది మీ లాండ్రీయేనని క్లాసులో చెప్పేద్దామక్కా," అన్నాను.

"వద్దు. పేజీ ఉందిగా."

పర్యవేక్షణ లోపం కొట్టేసి 'నీటి సమస్య, పే. 7 అడుగున' అని రాసింది. సాఫ్ట్‌నర్ బాగుచేయించి, మూడు నెలలు మామూలు నీళ్లతో ఉతికిన లెక్క చూశాకే మిగతా దారులు పోల్చాలన్నది కొత్త సిఫారసు. అప్పటికీ అయిదు దాటితే బయటికి ఇవ్వడం గురించి ఆలోచించమని కూడా రాసింది. ఆ వాక్యం మాత్రం ఒకసారి కొట్టేసి మళ్లీ రాసింది.

క్లాసులో అన్ని గ్రూపులూ బయటి కంపెనీకే ఓటేశాయి. అక్క చివర్న లేచి తన సిఫారసు చదివింది. అడ్మినిస్ట్రేటరు తన కాపీ తీసి, కళ్లజోడు పైకి తోసి ఏడో పేజీ అడుగు రెండుసార్లు చదివారు.

"దీన్ని పదిసార్లు చదివానమ్మా. ఇది చూడనేలేదు," అన్నారు. "సాఫ్ట్‌నర్ సంగతి సోమవారమే చూస్తాను. ఈ రిమార్కు రాసిన మనిషెవరో కనుక్కోవాలి. ఇంతకీ మీరు ఎక్కడ పనిచేస్తున్నారు?"

పద్దెనిమిదేళ్లుగా ఆయన మెట్ల కిందే పనిచేస్తున్న మనిషి కాగితాలు సర్దుకుంది.

"మీ దగ్గరే సార్. కింద."