ఎందుల ఏస్తవ్ అత్తా?

"నువ్వు మందులమ్ముతున్నవా, పరీక్ష పెడ్తున్నవా?" అని ఐలమ్మ ఒకసారి స్వప్నను నలుగురిలో అడిగేసింది.

అడగదా మరి! చైతన్యపురి సందులోని ఆ మెడికల్ షాపులో ఫార్మసిస్టుగా చేరిన పదకొండేళ్లలో, చుక్కల మందు కొన్నవాళ్లెవరినీ స్వప్న ఊరికే పోనివ్వలేదు. "ఎందుల ఏస్తవ్?" అంటుంది. కన్నో చెవో వాళ్ల నోటితో చెప్పాకే సీసా చేతిలో పెడుతుంది. వెనక లైను ఆగిపోతోందని ఓనర్ కమలాకర్ గొణుగుతాడు. దీన్ని సేవ అంటే స్వప్నకు నవ్వొస్తుంది. వేలెడంత సీసాలు, అన్నిటికీ తెల్ల మూతలే, అట్టపెట్టె ఇంటికి పోగానే చెత్తలోకి. అడక్కపోతే ఎట్లా?

ఒక మధ్యాహ్నం ఐలమ్మ నల్లద్దాలు పెట్టుకుని వచ్చింది. మెట్రో మెట్ల దగ్గర పూలమ్ముతుంది. కుడికంటికి మోతిబిందు, అంటే శుక్లం ఆపరేషనై పన్నెండు రోజులు. కొంగుముడిలోంచి సీసా తీసిచ్చి, స్టూలు మీద కూర్చుని తల వెనక్కి వాల్చింది.

"జర నువ్వే ఎయ్యి బిడ్డా, నా చెయ్యి వణుకుతది. దవాఖానోళ్లు ఇచ్చినయి పొద్దుగాల అయిపోయినయ్. గిది ఇంట్ల ఉండె."

మూత తిప్పబోతూ స్వప్న అలవాటుగా లేబుల్ చూసింది. తడికి సగం చెరిగినా ఇంగ్లిష్‌లో ఒక లైను మిగిలింది: చెవికి మాత్రమే, కంట్లో వేయరాదు.

"అత్తా, ఇది మామ చెవిల గులిమి కరగనీకి ఇచ్చిన. కంట్ల ఏసినవా?"

"ఇంక లేదు. ఏస్తే ఏమైతది? నిరుడు నాకు చెవి పోటొస్తే డాక్టరు రాసింది కంటికి గూడ ఏసుకోవచ్చన్నవు గదా!"

నిజమే, అన్నది. అయితే ఆ సీసా మీద కన్ను, చెవి రెండూ రాసి ఉన్నాయి.

"అది కంటికని సూక్ష్మక్రిములు లేకుండ చేసిన మందు, అందుకే రెండింటికీ పనికొచ్చింది. ఇది గులిమిని కరిగించే మందు. కోసిన కంట్ల పడితే భగ్గుమంటది, చూపుకే ముప్పు."

ఐలమ్మ నల్లద్దాల కింద నుంచి ఒక కన్నీటి చుక్క జారింది. "పూల రంగులు ఇప్పుడిప్పుడే కనవడ్తున్నయ్ బిడ్డా."

"ఏడ్వకు, కన్ను మంచిగుంది. చీటీ ఉందా?"

ఆస్పత్రి చీటీ చూసి కొత్త సీసా తెచ్చింది. చేతులు కడుక్కుని, ఐలమ్మ అద్దాలు తీయించి, కింది రెప్పను మెల్లగా లాగి, సీసా మొన తగలకుండా ఒక్క చుక్క వేసింది. పాత సీసాకు ప్లాస్టరు చుట్టి, మీద పెద్ద చెవి బొమ్మ గీసింది.

"గిది మా ఆయన చెవేనా? గింత చిన్నగుండదు," అంది ఐలమ్మ.

"ఇది ఎందుల ఏస్తవ్ అత్తా?"

"మళ్ల పరీక్షనా! ఆయన చెవిల. కొత్తది నా కంట్ల."

ఆ కొత్త సీసా ఖరీదు నూట పద్దెనిమిది రూపాయలు ఐలమ్మ ఇంకా ఇవ్వాలి.