రాఘవయ్యగారి గర్భగుడి

ఓవర్సీరు రాఘవయ్యగారికి తెలియని విషయమంటూ లేదు. ఫలానాది మీకు తెలియదండీ అని పోర్ట్‌బ్లెయిరులో ఆయన మొహం మీద అనే ధైర్యం ఎవరికీ లేకపోవడంతో అన్నీ తెలిసినట్టే అయిపోయాయి. అందుకే దగ్గర్లోని చౌల్దారీ ఊరి ముస్లింలు ఆకుల కప్పు మసీదు తీసేసి వానలు పడేలోగా పక్కాది కట్టుకుందామని వచ్చినప్పుడు, “ప్లాను నా ఖాతా!” అని ధారాళంగా ప్రకటించేశారు.

మనసులో ఒక్క కోరిక ఉంది. గుమ్మం పక్కన పాలరాతి పలక మీద తన పేరు. శ్రీకాకుళం నుంచి ఓడెక్కి వచ్చిన నాటి నుంచీ ఎన్ని జెట్టీలు, ఎన్ని క్వార్టర్లు కట్టించినా ఒక్క గోడ మీదా ఆ పేరు లేదు. ఆ బాధ నిజమైనదే, దాన్ని వెక్కిరించబోను. ప్లాను గీయకముందే పలక చెక్కించెయ్యడాన్ని మాత్రం వెక్కిరించకుండా ఉండలేను.

మసీదు ఎలా ఉండాలో ఎవరినైనా అడిగితే చిన్నతనం. అందుకని ఢిల్లీ మసీదు క్యాలెండరు బొమ్మలోంచి రెండు ఎత్తయిన మినార్లు, రాళ్లు పరిచిన విశాలమైన ముంగిలి దించేశారు. పడమటి గోడలో మిహ్రాబ్ అనేదొకటి ఉంటుందని మాత్రం విన్నారు. అంత ముఖ్యమైనదంటే గర్భగుడే అయ్యుంటుంది! చిన్న గది గీసి, తలుపు పెట్టి, తాళానికి గొళ్లెం కూడా చూపించారు. దాని ముందు గుడి మండపంలాగే ఇరుకుగా, పొడుగ్గా నమాజు హాలు.

“ఏటండీ, లోపల ఎవర్ని పెడతారట?” అంది భార్య శాంతకుమారి.

“అది వాళ్లిష్టం. వసతి కల్పించడం మన వంతు.”

ముగ్గు పోసి తాళ్లు కట్టిన రోజున మసీదు కమిటీ పెద్దలిద్దరూ ఇమాముని, ఊరి జనాన్ని వెంటబెట్టుకుని వచ్చారు. తాతల నాడు మలబారు నుంచి వచ్చిన కుటుంబం మొయిదీన్ కాకాది. ఉత్తరాది వంశం రహీంబక్ష్ చాచాది. కొత్త నేల మీద ఒకసారి నమాజు చేసి పని మొదలెడదామన్నారు. ఇమాము ముందు నిలబడ్డాడు. వెనక భుజానికి భుజం తగిలేలా వరస కట్టారు. పట్టుమని పదిమంది నిలబడేసరికి తాడు అడ్డొచ్చింది. వరస మీద వరస వెనక్కి పోయి పోయి, చివరివాళ్లు పక్కవాళ్ల పెండలం పాదుల్లో తేలారు. పైగా తాళ్లు రోడ్డుకి సమంగా, తిన్నగా పడమటికి ఉంటే, మనుషులంతా కాస్త ఉత్తరానికి తిరిగి ఏటవాలుగా నిలబడ్డారు.

“ఓవర్సీర్ సాబ్, కాబా ఇక్కణ్ణుంచి పడమరకి థోడా ఉత్తరంగా ఉంటుంది,” అన్నాడు మొయిదీన్ కాకా. “మసీదు రోడ్డుని చూడదు కదా. హాలు అడ్డంగా వెడల్పుండాలి. మొదటి వరసలో ఎంతమంది పడితే అంత మంచిది.”

“ఔర్ యే కమ్రా?” రహీంబక్ష్ ప్లానులో గొళ్లెం మీద వేలు పెట్టాడు. “ఇందులో ఎవరుంటారు?”

“మీ… దేవుడు,” అన్నారు రాఘవయ్యగారు.

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. “మిహ్రాబ్ అంటే గోడలో ఖాళీ గూడు, సాబ్. ఎటు తిరగాలో చూపిస్తుంది, అంతే. లోపల ఏమీ ఉండదు,” అన్నాడు రహీంబక్ష్ మెల్లిగా. రాఘవయ్యగారికి చెవులు కాలిపోయాయి. జీవితంలో మొదటిసారి, “నాకు తెలీదండీ,” అన్నారు.

ఆ మాట విన్నాక పెద్దలకు ధైర్యం వచ్చి, వాళ్లలో వాళ్లు దెబ్బలాడుకోవడం మొదలెట్టారు. ముంగిలి లేనిది మసీదే కాదని చాచా. ఆ ముంగిలి మీ ఎండల దేశానికి సరి, ఇక్కడి వానకి చెరువవుతుంది, మా మలబారులో వాలు పెంకుల కప్పు, చుట్టూ వరండా, మినారే ఉండదని కాకా. భూకంపానికి మినారు కూలితే ఎవరి నెత్తిన పడుతుందన్నది మాత్రం ఇద్దరూ కలిసి ఓవర్సీరుగారినే అడిగారు.

ఈసారి ఆయన అడిగి అడిగి గీశారు. అడ్డంగా వెడల్పు హాలు, వరసలు తెగకుండా స్తంభాలు తక్కువ. గోడలో ఖాళీ గూడు. మీద పెంకుల కప్పు, తూర్పున లోతైన వరండా, దాని ముందు చాచా కోసం చిన్న ముంగిలి. మూలల్లో మనిషెత్తు బుడ్డి మినార్లు రెండు. అజాన్ వరండాలోంచే.

మొదటి వాన పడే నాటికి కప్పు వెయ్యడం పూర్తయింది. కాళ్లు కడుక్కునేచోట ఒక్క పలక తక్కువైంది, బురదలో జనం జారుతున్నారు. రాఘవయ్యగారు బస్సులో ఇంటికెళ్లి బరువైన గోనె మూటతో తిరిగొచ్చారు. తోడొచ్చిన శాంతకుమారి మూట విప్పి అదిరిపడింది.

“మీ పేరండీ! అక్షరాలు తొక్కితే పాపం.”

“అందుకే బోర్లా వేస్తున్నా,” అని, పేరున్న వైపు తడిమట్టిలోకి తిప్పి, గట్టిగా అదిమారు.