అరుగు మీద చింతగింజలు

మిఠాయి అంగడి పెట్టాలని నాయన, నేను అనంతపురంలో రెండు చోట్లు చూశాము. బస్టాండు దగ్గర బాడుగ ఎక్కువ. పాతబజారులో అందులో సగమే, కానీ జనం తిరుగుతారో లేదో తెలియదు. అందుకని సంతరోజు, మామూలురోజు రెండుచోట్లా కూర్చుని, దారిన పోయే మనిషికొక చింతగింజ లెక్కన చెంబులో వేశాము. కొళాయికి బిందెలతో పోయే ఆడవాళ్లను వదిలేశాము. నీళ్ల కోసం పరుగెత్తే మనిషి జిలేబీ కొనదు. అయినా పాతబజారులో జనం బస్టాండు జనంలో సగానికి పైనే తేలారు. సగం బాడుగకు అది మేలే.

నాయన తప్పు ఒక్కటే. పాతబజారు యజమాని అరుగు మీదే కూర్చుని, ఆయనిచ్చిన మజ్జిగ తాగుతూ లెక్కంతా ఆయనకే చెప్పాడు. మరునాడు బయానా ఇవ్వబోతే ఆయన బాడుగ రెట్టింపు చేశాడు.

"మొన్న చెప్పిన మాటేమాయె అన్నా?" అన్నాడు నాయన.

"ఇంతమంది తిరుగుతాండారని నాకు యాడ తెలుసప్పా? నువ్వే కదా చెప్పినావు. బిందెలోళ్లను ఇడిసిపెట్టినావు, వాళ్లు మనుషులు కాదా?"

నాకు ఒళ్లు మండిపోయింది. "అయితే ఆ బిందెలోళ్లనే అడుక్కో బాడుగ!" అని, సంచిలో ఇంకా ఉన్న చెంబు తీసి, గింజలన్నీ ఆయన అరుగు మీద కుమ్మరించాను.

వీధి మలుపులో వెనక్కి తిరిగి చూశాను. ఆయన వంగి, తర్వాత బాడుగకు వచ్చేవాడికి చూపించడానికి, ఒక్క గింజ పోకుండా ఏరుకుంటున్నాడు.