పదిహేడో నంబరు రాయి

మార్కండేయ గొప్పలు మొదలుపెడితే నాందేడు నుంచి దెగ్లూరు పోయే బస్సు కూడా ఆగి, విని, అప్పుడు కదులుతుందని ఆయన్ని ఎరిగినవాళ్లు అంటారు. ఆయన కొలత గొలుసు పరిస్తే గోదావరి సిగ్గుపడి వంపు సరిచేసుకుందట. మాహూరు గుట్ట ఎత్తు కొలవబోతే గుట్టే మర్యాదగా కాస్త వంగిందట. ఇవన్నీ ఆయన చెప్పినవే. అబద్ధమని తెలిసినా జనం కూర్చుని వినేవారు. ఎందుకంటే నేల కొలిచేటప్పుడు మాత్రం మార్కండేయ ఒక్క అంగుళం అబద్ధం చెప్పడని పేరు.

సాలెవాళ్ల పిల్లవాడు. మగ్గం మీద కూర్చోమంటే కూర్చోలేదు. ఇరవై రెండేళ్లకు నేల కొలిచే సర్కారు మోజణీవాళ్ల వెంట గొలుసు లాగే కూలీగా తిరిగాడు. తర్వాత పట్టుపట్టి ఐటిఐలో సర్వేయరు కోర్సు చదివి, నాందేడులో ఒక్క షట్టరు గదికి బోర్డు కట్టాడు. ఇప్పుడు నలభై ఏడేళ్లు. గొలుసు పోయింది, ఉపగ్రహాలతో మాట్లాడే రోవరు వచ్చింది.

ఆ గదికి ఒక పొద్దున శివవ్వ వచ్చింది. దెగ్లూరు దిక్కు చిన్న పట్టణంలో మార్కండేయ పుట్టి పెరిగిన గల్లీ మొదట్లో ఆమె ఇల్లు. ముందొక గది, వెనకొక గది. ముందు గదిలోనే కుట్టుమిషను, ఆమె బతుకంతా అదే. మడత విప్పి నగర పరిషత్ నోటీసు చూపించింది.

"చదువు బిడ్డా. ముందటి గది సడక్ మీద ఉన్నదంట. పదిహేను దినాలల్ల జవాబియ్యకుంటె కూలగొడ్తరంట. గా గది నా అత్త కట్టింది. అప్పుడు సడక్ ఏడున్నది?"

మార్కండేయ చదివి నవ్వాడు. "గీ పరిషత్తోళ్ల నక్షాకు కండ్లద్దాలు కావాలె పెద్దమ్మా. ఒక్క కాగితం రాస్త. వాళ్లే అచ్చి నీ గోడకు సున్నమేసి పోతరు."

"గొప్పలు తర్వాత కొట్టు. గది ఉంటదా, పోతదా?"

"ఉంటది."

అన్నాడు, అంతే. ఆ ఒక్క మాట మీద ఆమె ఊపిరి వదిలింది.

మరునాడే రోవరుతో ఆమె ఇంటి మూలలు, సడక్ అంచులు, బడి వెనక పాత బావి గట్టు, చావిడి మూల కొలిచాడు. ఆయన దగ్గర ఇప్పుడు అంకెలున్నాయి. పరిషత్ దగ్గర నక్షా ఉంది. రెండూ ఒకే లెక్కలో ఉంటే తప్ప ఒకదాని మీద ఒకటి పరచి చూడలేరు. అందుకని పరిషత్‌లో పట్టణ పటాలు చూసే నగర రచన విభాగానికి ఉత్తరం రాశాడు: మీ దగ్గరున్న తాజా భూనక్షా డేటా డబ్ల్యుజిఎస్ 84, యుటిఎం 43 ఉత్తర జోన్‌లో, మీటర్లలో ఇప్పించగలరు. చివరిసారి ఎప్పుడు సవరించారో ఆ తేదీ, నక్షాను నేల మీద కుదర్చడానికి ఏయే ఆధార రాళ్లు వాడారో ఆ జాబితా కూడా జతచేయగలరు.

నాలుగో రోజు ఉత్తరం తిరిగొచ్చింది. దాని మీద వంకర అక్షరాలతో రాసి ఉంది: మన పట్టణంలో పదిహేడు వార్డులే. 43వ వార్డు లేదు.

మార్కండేయ బస్సెక్కి పోయి గుమాస్తా గజానన్ బల్ల ముందు నిలబడ్డాడు. గజానన్ మరాఠీవాడే గాని తెలుగువాళ్ల గల్లీలో పెరిగి తెలుగు దంచేస్తాడు.

"గజానన్ భావూ, జోన్ అంటె వార్డు గాదు. భూమినంత నారింజపండు తొనల లెక్క అరవై ముక్కలు జేసిన్రు. మనది నలభై మూడో తొన. గట్ల కిన్వట్ దిక్కు పోతె నలభై నాలుగు."

"మల్ల గీ ముచ్చట కాగితంల రాయొద్దా? నేను వార్డు మెంబరును దేవులాడుకుంట తిరిగిన!"

"మీ ఊరిని ఉపగ్రహం చూస్తది గాని, మీ ఊరు ఉపగ్రహాన్ని చూడదు."

"జర తగ్గు భావూ. ఇయ్యి, మల్ల నంబరేస్త."

ముద్ర పడింది. పదకొండో రోజు, గురువారం, డేటా వచ్చింది. అడిగిన జోన్‌లోనే, అడిగిన జాబితాతో సహా. మార్కండేయ షట్టరు సగం దించి కంప్యూటరు ముందు కూర్చున్నాడు. తన అంకెలు నక్షా మీద పరిచాడు. బావి గట్టు బెత్తెడు తేడాతో కుదిరింది. చావిడి మూల కుదిరింది. శివవ్వ గల్లీకి వచ్చేసరికి మాత్రం నక్షా మొత్తం దక్షిణానికి తొమ్మిది అడుగులు జరిగి ఉంది. నేల మీద ఆమె గోడకు అవతల ఉన్న సడక్ అంచు, నక్షాలో ఆమె కుట్టుమిషను కిందినుంచి పోతోంది.

"దొరికిండు దొంగ!" అని తొడ చరిచాడు.

ఇక కారణం చూపిస్తే చాలు. నక్షా అంటే మగ్గం మీది బట్టలాంటిది. నాలుగు మూలలా మేకులు కొట్టి బిగిస్తారు. ఒక్క మేకు తప్పుచోట పడితే ఆ దిక్కంతా గుంజుకుపోతుంది. ఆ మేకు ఏదో చూద్దామని రాళ్ల జాబితా తెరిచాడు. బడి బావి. చావిడి మూల. రైతు బజారు కల్వర్టు. నాలుగోది, సర్వే రాయి నంబరు 17, శివవ్వ గల్లీ మోరీ పక్కన.

మార్కండేయ చెయ్యి తొడ మీదే ఆగిపోయింది.

ఆ రాయి ఆయనకు తెలుసు. గొలుసు కూలీగా ఉన్న ఏడాది గల్లీలో మురుగునీటికి మోరీ తవ్వారు. రాయి అడ్డొచ్చింది. గల్లీ ఆడవాళ్లు అప్పటికే దానికి పసుపు కుంకుమ పెట్టి పోచమ్మ అని మొక్కుతున్నారు. మేస్త్రీ పెకిలించి పారేస్తానంటే కొంగులు బిగించి అడ్డం నిలబడ్డారు. అప్పుడు ఇరవై రెండేళ్ల మార్కండేయ ముందుకు ఉరికాడు. "జరుగున్రి, రాళ్ల భాష నాకెర్క" అని గడ్డపారతో లేపి, మోరీకి ఇవతల, దక్షిణం వైపు నాటాడు. తొమ్మిది అడుగులు. "అంబాడి కూర కట్టలెక్క ఎత్తుకున్న" అని తర్వాత పదేళ్లు చెప్పుకున్నాడు. మోజణీ సాహేబుకు మాత్రం చెప్పలేదు. ఎవరూ అడగలేదు. ఏళ్ల తర్వాత పరిషత్ నక్షాను కంప్యూటరుకెక్కించినప్పుడు ఎవరో వచ్చి, రాయి మీద 17 అని చూసి, అక్కడే మేకు కొట్టి పోయారు.

ఆ సాయంత్రం భార్య వత్సల పళ్లెంలో జొన్నరొట్టె పెట్టి చూస్తే ఆయన తుంచనే లేదు.

"ఏమైంది? నాలిక పడిపోయిందా?"

చెప్పాడు. సర్వే రాయి కదిలించడం నేరం. మోజణీ చేసేవాడే కదిలించాడంటే ఇక ఆ బోర్డు కింద ఎవరు నిలబడతారు?

"గట్లయితె పరిషత్‌కు రాయవా?"

"రాస్త. రాయి సంగతి లేకుంట రాస్త. తొమ్మిదడుగుల తేడా ఉన్నదని జూపిస్త. ఎందుకున్నదో వాళ్లే దేవులాడుకుంటరు."

వత్సల రొట్టె తీసి మూత పెట్టింది.

సోమవారం, గడువు చివరి రోజు, అభ్యంతర పత్రం ఇచ్చాడు. అంకెలన్నీ ఉన్నాయి, బావి గట్టు ఉంది, చావిడి ఉంది. రాయి ఎప్పుడు, ఎవరి చేతుల మీదుగా కదిలిందన్నది లేదు. గురువారం జవాబు వచ్చింది. అర్జీదారు కొలతల్లో తేడా కనిపిస్తున్నా, సదరు గల్లీలో నక్షా సర్కారీ సర్వే రాయి నంబరు 17తో సరిగ్గా సరిపోలుతున్నందున, ఆక్షేపణ తిరస్కరించడమైనది. సోమవారం ఆక్రమణ తొలగింపు.

తన రాయే తన మీద సాక్ష్యం చెప్పింది.

శుక్రవారం గడిచింది. శనివారం మార్కండేయ రెండుసార్లు కాగితం తీసి రెండుసార్లు చింపాడు. శివవ్వ ఫోను చేసింది. "మిషను తీసి ఎన్కగదిల పెట్టాల్నా బిడ్డా?" అంటే "ఎందుకు పెద్దమ్మా, ఉండనీ" అన్నాడు. ఆ మాట ఏ ధైర్యంతో అన్నాడో ఆయనకే తెలియదు. ఆదివారం కార్యాలయం బంద్. ఆ రోజు మధ్యాహ్నం కూర్చుని ఒక్క ఊపులో రాశాడు: రాయి నంబరు 17 అసలు స్థానం నుంచి దక్షిణానికి తొమ్మిది అడుగులు జరిగి ఉన్నది. జరిపినవాడిని నేనే. కింద సంతకం చేసి, ఊరు, పేరు, తండ్రి పేరు, ఏదీ దాచకుండా రాశాడు.

సోమవారం మొదటి బస్సు ఎక్కాడు. నర్సీ దాటాక టైరు పంక్చరైంది. పదకొండుంబావుకు గజానన్ బల్ల ముందు రొప్పుతూ నిలబడ్డాడు.

గజానన్ కాగితం చదివాడు. ఇంకోసారి చదివాడు.

"భావూ, గిది పోయిన సోమవారం తెస్తె నేనే ఉరికి సాహేబు చేతుల పెడుదు."

"ఇప్పుడు పెట్టు."

"సాహేబు గాడికే పోయిండు. కూలగొట్టే మిషన్ దగ్గరికి." అంటూనే ఫోను కలిపాడు. మోగింది, మోగింది. జేసీబీ చప్పుడులో ఎవరికి వినబడుతుంది? గజానన్ ఫోను పెట్టేసి, చేసేదేమీ లేక కాగితం మీద ముద్ర కొట్టాడు. ముద్రలో తేదీ పడింది. పక్కన గజానన్ చేత్తో వేళ రాశాడు. పదకొండు ఇరవై.

మార్కండేయ గల్లీ చేరేసరికి దుమ్ము ఇంకా కిందికి దిగలేదు. ముందు గది లేదు. కుట్టుమిషను తలకాయ ఇటుకల్లోంచి బయటికి చూస్తోంది.

ఆ తర్వాత విచారణ జరిగింది. ఆయనకు నోటీసు వచ్చింది, బోర్డు దించేశాడు. రెండు నెలలకు పరిషత్ నుంచి ఇంకో కవరు వచ్చింది. పదిహేడో రాయిని వదిలేసి నక్షాను మళ్లీ కుదిర్చారు. మీరు కోరిన తాజా డేటా, మీరు కోరిన జోన్‌లో, జతపరచడమైనది. తెరిచి చూశాడు. సడక్ అంచు ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది. శివవ్వ ఇంటి నంబరులో వెనక గది ఒక్కటే గీశారు. ముందు భాగంలో రాసి ఉంది: ఖాళీ జాగా.

తప్పులేదు. తాజా డేటా.

ఆ కాగితం పట్టుకుని పోయాడు. శివవ్వ వెనక గది గుమ్మంలో కూర్చుని చేత్తో కాజాలు కుడుతోంది. మార్కండేయ నిలబడే అంతా చెప్పాడు. రాయి, గడ్డపార, సోమవారం, శుక్రవారం, శనివారం. ఒక్క గొప్ప మాట కూడా కలపలేదు.

ఆమె సూది ఆపలేదు.

"రాయి జరిపినందుకు నిన్నేమంట బిడ్డా. మోరీల పడెయ్యొద్దు, గీడ నాటు అని నీకు జాగ జూపెట్టింది నేనే. సల్ల గూడ పోసిన నీకు."

మార్కండేయ చేతిలోని కాగితం మడిచాడు.

"గాని శనివారం నాడు మిషను తీస్త అంటె, ఉండనీ అన్నవ్ జూడు." దారం పళ్లతో తెంపింది. "గా మాటకు నాకు జవాబు జెప్పకు. పో."

ఆయన గల్లీలోకి నడిచాడు. మోరీ పక్కన రాయి తాజా కుంకుమతో ఉంది. ఈ పొద్దు కూడా ఎవరో పెట్టారు.